అవ్వ పేరు చెప్పే చోట మోగిన టింగు

మా చాళ్లో మూడో ఇంటి అవ్వ పోయి ఏడాది కావస్తోంది. పోయే రెండు నెలల ముందు ఆమె మనవడు తన ఫోను ముందర పెట్టి అవ్వతో మాట్లాడించాడు. సిరిసిల్ల దిక్కు నుంచి సోలాపూర్‌కు ఎట్లా వచ్చారు, మొదట ఎవరింట్లో దిగారు, మగ్గం మీద ఏం నేసేవారు, ఇవన్నీ అవ్వ 38 నిమిషాలు చెప్పింది. గొంతు చక్కగా ఉంది. పైన ఫ్యాను తిరిగే చప్పుడు తప్ప వేరే గోల లేదు. కానీ రికార్డు చేస్తున్న ఫోనుకే మెసేజీలు వచ్చాయి. మొత్తం మీద మూడుచోట్ల అవ్వ మాటలో ఫోను చప్పుడు కలిసింది.

మొదటిది అవ్వ ఊపిరి తీసుకునే సందులో పడింది. రెండోది టింగు కాదు, ఫోను బుర్రుమని వణికిన చప్పుడు. అది మాట నడుస్తుండగా వచ్చింది. మూడోది అన్నిటికంటే చెడ్డది. "మా అమ్మ పేరు" అని అవ్వ అన్నది, పేరు మొదలయ్యే చోటనే టింగుమన్నది. పేరులో వెనక సగం "చ్చవ్వ" అని వినపడుతుంది. ముందక్షరం టింగు కింద మునిగిపోయింది.

లచ్చవ్వనా, బుచ్చవ్వనా? మన ఇళ్లల్లో రెండు పేర్లూ ఉన్నవే. అవ్వను కన్నతల్లి చిన్నప్పుడే పోయిందట, మారుతల్లి పెంచిందట. అందుకే ఇంట్లో ఎవరికీ ఆ పేరు తెలియదు. పెత్తరమాస దగ్గర పడింది. అవ్వ పేరుతో పాటు అవ్వ తల్లి పేరు కూడా చెప్పి బియ్యం ఇవ్వాలని కోడలి కోరిక. "అన్నా, నువ్వు భజనలు రికార్డు చేసి బాగు చేస్తవు గదా, ఈ టింగు తీసి పేరు చెప్పు" అని ఆ ఫోను నా చేతిలో పెట్టింది.

నేను చదివింది నాలుగో తరగతి. మిల్లు మూతపడ్డాక మన గుడి భజనలు ఎక్కించి, వాటిని కంప్యూటర్‌లో బాగు చేయడం నేర్చుకున్నాను. ఈ పనిలో నేను చేసిన ఒక తప్పు, దాన్ని దిద్దుకున్న తీరు మన ఇళ్లల్లో చాలామందికి పనికొస్తాయని రాస్తున్నాను. ముసలివాళ్ల మాటలు ఇప్పుడు అందరి ఫోన్లలో ఉన్నాయి, అందులో టింగులు కూడా ఉన్నాయి.

చెవికి కాదు, కంటికి

ముందుగా ఒక ఇబ్బంది చెప్పాలి. సాంచాల మధ్య ముప్పై ఏళ్లు నిలబడినవాడి చెవి మొత్తం చెవి కాదు. మగ్గాల మోతకు ముందు పోయేది పైశ్రుతి. సుమారు 4000 హెర్ట్జ్ దగ్గర చెవి మొదట మొద్దుబారుతుందని డాక్టర్లు చెబుతారు. సెకనుకు ఎన్నిసార్లు గాలి కంపిస్తుందో ఆ లెక్కనే హెర్ట్జ్ అంటారు. లెక్క పెరిగితే శ్రుతి పెరుగుతుంది. భజన పెట్టెలో కుడిచేతి వైపు మెట్లు నొక్కుతూ పోయినట్టే. ఫోను టింగులో సన్నని భాగం నాలాంటివాడికి సరిగా వినపడదు. నేను "పోయింది" అంటాను, పిల్లలు "ఇంకా ఉంది తాతా" అంటారు. కాబట్టి నేను ఈ పని కంటితో చేస్తాను. చివర మా మనవరాలి చెవితో సరిచూసుకుంటాను.

కంటితో చేయడానికి సాధనం ఆడాసిటీ. ఇది ఉచితంగా దొరికే కంప్యూటర్ ప్రోగ్రాము. ఇందులో చప్పుడును మామూలుగా అలలాగా చూపిస్తుంది. ఆ అలలో టింగు, మాట కలిసిపోయి ఉంటాయి, విడదీయలేం. కానీ ట్రాకు పేరు పక్కనున్న మెనూ తెరిచి Spectrogram అన్నది ఎంచుకుంటే బొమ్మ మారుతుంది. ఎడమ నుంచి కుడికి కాలం, కింది నుంచి పైకి శ్రుతి. ఎక్కడ చప్పుడు గట్టిగా ఉందో అక్కడ రంగు వెలుగుతుంది.

ఈ బొమ్మ చూడగానే నాకు బట్ట గుర్తొచ్చింది. మనిషి మాట ఒకదానిమీద ఒకటి చాలా చారలుగా కనిపిస్తుంది. ఆ చారలు నేరుగా ఉండవు. మాటలో గొంతు ఎప్పుడూ ఎత్తూ దిగూ పోతుంటుంది గనుక అన్నీ కలిసి వంగుతుంటాయి. టింగు అట్లా కాదు. అది ఒకటి రెండు సన్నని గీతలు, గుంజి కట్టిన పోగులాగా తిన్నగా ఉంటుంది. మొదట బాగా వెలిగి, తోక వైపు సన్నగిల్లి ఆరిపోతుంది. వంకర చారల మధ్య తిన్నని గీత ఏదైతే అది ఫోనుది. అవ్వ రికార్డులో టింగుకు రెండు గీతలు ఉన్నాయి. ఒకటి 1300 హెర్ట్జ్ దగ్గర, రెండోది దానికి రెట్టింపు, 2600 దగ్గర. పొడుగు అర సెకను కంటే కొంచెం ఎక్కువ.

ముందు అసలును దాచాలి

ఫోనులో నుంచి ఫైలు తీసేటప్పుడు వాట్సాప్‌లో మామూలుగా పంపవద్దు. డాక్యుమెంట్ అని ఎంచుకుని పంపితే ఫైలు ఉన్నది ఉన్నట్టే వస్తుంది. వైరుతో కంప్యూటర్‌కు ఎక్కించుకుంటే ఇంకా మంచిది. ఫోన్లలో చాలావరకు రికార్డు m4a అనే రకంలో ఉంటుంది. ఆడాసిటీ దాన్ని తెరవనంటే FFmpeg అనేది కూడా వేసుకోవాలి.

ఆ అసలు ఫైలును వేరే ఫోల్డరులో పెట్టి, దాని జోలికి పోకూడదు. నకలు మీదే పని. పని మధ్యలో దాచేటప్పుడు WAV రకంలో దాచాలి. MP3లో దాచిన ప్రతిసారీ చప్పుడులో కొంత పోతుంది. ఈ అసలు దాచడం అనేది జాగ్రత్త కోసం ఊరికే చెప్పే మాట కాదు, నా తప్పు బయటపడింది దానివల్లే. ఆ సంగతి కింద వస్తుంది.

సందులో పడ్డ టింగు

మొదటి టింగు అవ్వ మాటలాడని సందులో ఉంది కదా, ఇది సులువు. కానీ సులువైన దాంట్లోనే అందరూ ఒక తప్పు చేస్తారు. ఆ ముక్కను ఎంచుకుని నిశ్శబ్దం చేసేస్తారు, లేదా కత్తిరించి పారేస్తారు.

నిశ్శబ్దం చేస్తే ఏమవుతుంది? ఆ అర సెకను ఫ్యాను కూడా ఆగిపోతుంది. వినేవాడికి టింగు వినపడదు గానీ, గదిలో ఉన్నవాడు ఉన్నట్టుండి గదిలో లేకుండా పోయినట్టు ఉంటుంది. చెవి దాన్ని వెంటనే పట్టేస్తుంది. కత్తిరించి పారేస్తే అవ్వ ఊపిరి తీసుకున్న సందు పోయి, రెండు మాటలు ఒకదాన్నొకటి తోసుకుంటాయి. బట్టలో పేక తప్పిన చోట దారం వేయకుండా పన్నెతో దగ్గరకు కొట్టినట్టు.

చేయాల్సింది ఏమిటంటే, అదే రికార్డులో అవ్వ మాట లేకుండా ఫ్యాను ఒక్కటే తిరుగుతున్న ఇంకో సందు వెతకాలి. టింగు ఎంత పొడుగుందో అంత పొడుగు ముక్క అక్కడినుంచి తీసుకుని టింగు మీద అతికించాలి. నేను చేసిన వరుస ఇది. టింగును మొదటినుంచి తోక చివరి వరకు ఎంచుకున్నాను. తోకను మాత్రం అలలో చూసి ఎంచుకోకూడదు, అక్కడ కనపడదు. గీతలు ఆరిపోయేదాకా బొమ్మలో చూసి ఎంచుకోవాలి. కింద పొడుగు చూపించే చోట 0.7 సెకను అని ఉంది. దగ్గర్లోనే 0.7 సెకను ఖాళీ సందు దొరికింది. దాన్ని ఎంచుకుని Z నొక్కాను. Z నొక్కితే ఎంపిక అంచులు అల సున్నా దాటే చోటికి జరుగుతాయి, అతుకు దగ్గర టిక్కుమని చప్పుడు రాదు. తర్వాత Ctrl+C. మళ్లీ టింగు ముక్కను ఎంచుకుని, Z నొక్కి, Ctrl+V.

ఖాళీ సందు దగ్గర్లోనే వెతకాలి. పది నిమిషాల అవతలినుంచి తెస్తే ఫ్యాను వేగం మారి ఉండొచ్చు, వీధిలో బండి పోతుండొచ్చు. రంగు తేడా ఉన్న దారంతో రఫ్ఫు చేస్తే మచ్చ కనపడ్డట్టే. అతికించాక కళ్లు మూసుకుని ముందు ఐదు సెకన్లనుంచి వినాలి. అతుకు ఎక్కడో మీకు గుర్తుపట్టడం కాకపోతే పని అయినట్టు.

మాట కింద బుర్రు

రెండోది ఫోను వణుకు. అవ్వ "తెల్లారగట్ల నాలుగింటికే లేసి" అంటుండగా బుర్రుమని రెండుసార్లు వచ్చింది. టింగులాగా దీన్ని తీయలేం. ఎందుకంటే ఫోనులో వణికే చిన్న మోటారు చప్పుడు సుమారు 150 నుంచి 250 హెర్ట్జ్ మధ్య ఉంటుంది. ఆడవాళ్ల గొంతులో అడుగు చార కూడా సరిగ్గా అక్కడే ఉంటుంది. రెండూ ఒకే పన్నె సందులో రెండు పోగులు దూరినట్టు ఉన్నాయి.

అయినా కొంత చేయవచ్చు. వెనకటి ల్యాండ్‌లైన్ ఫోను 300 నుంచి 3400 హెర్ట్జ్ వరకే పంపేది. అంటే గొంతులో అడుగు చార ఫోనులో వచ్చేదే కాదు. అయినా "హలో" అనగానే ఎవరో గుర్తుపట్టేవాళ్లం. పై చారలు ఉంటే చాలు, అడుగు శ్రుతిని మన చెవి తనంతట తానే కట్టుకుంటుంది. కాబట్టి బుర్రు ఉన్న ఒక్క సెకనులో మాత్రమే 150–250 భాగాన్ని తగ్గిస్తే మాట పోదు. గొంతు కాస్త పలచబడుతుంది, అంతే. నేను పూర్తిగా తీయలేదు. పూర్తిగా తీస్తే ఆ ఒక్క సెకను అవ్వ ఫోనులోంచి మాట్లాడినట్టు ఉంటుంది. బుర్రు సగం తగ్గితే వినేవాడి మనసు మాట మీద నిలుస్తుంది. అక్కడితో వదిలేశాను.

ఫోను బల్ల మీద ఉండి వణికితే ఇంకో చిక్కు ఉంది. బల్ల గలగలలాడి ఆ చప్పుడు పైవరకూ పరుచుకుంటుంది. బొమ్మలో గీత కనపడదు, మొత్తం మసక కనపడుతుంది. అట్లాంటిది మాట మీద పడితే దాన్ని ముట్టుకోకపోవడమే నయం.

పేరు మీద టింగు: నేను చేసిన తప్పు

ఇక మూడోది. ఇది మాట మీదే ఉంది గనుక అతుకు వేయలేం. అతుకు వేస్తే పేరే పోతుంది. ఇక్కడ చేయాల్సింది గీత ఉన్నంత మేరకే తగ్గించడం. Spectrogram బొమ్మలో మౌసుతో అడ్డంగానే కాదు, నిలువుగా కూడా ఎంచుకోవచ్చు. ఫలానా కాలం నుంచి ఫలానా కాలం వరకు, ఫలానా శ్రుతి నుంచి ఫలానా శ్రుతి వరకు అని ఒక పెట్టె గీయవచ్చు. తర్వాత Effect మెనూలో Spectral edit multi tool నొక్కితే ఆ పెట్టెలో ఉన్నది మాత్రమే తగ్గుతుంది. దాని పైన కింద ఉన్న చారలు అట్లాగే ఉంటాయి.

ఆ రోజు నాకు తొందర. అవ్వ కోడలు పక్కనే కూర్చుని ఉంది. రెండు గీతలకు రెండు పెట్టెలు ఎందుకని, 900 నుంచి 3000 దాకా ఒకటే పెద్ద పెట్టె గీశాను. ఎఫెక్టు రెండుసార్లు నడిపాను. టింగు పోయింది. వినిపించాను. "మా అమ్మ పేరు బుచ్చవ్వ" అని స్పష్టంగా వచ్చింది. కోడలి కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఇంటికి పోయి కాగితం మీద బుచ్చవ్వ అని రాసుకుంది.

ఆ రాత్రి మా మనవరాలికి వినిపించాను, టింగు ఇంకా ఉందేమో చెప్పమని. అది టింగు సంగతి వదిలేసి ఇంకో మాట అంది. "తాతా, ఈ ఒక్క మాటకు అవ్వ మూతికి బట్ట అడ్డం పెట్టుకున్నట్టు ఉంది." నాకు అనుమానం వచ్చింది. అసలు ఫైలు తెరిచి మళ్లీ చూశాను.

ఇక్కడ అక్షరాల సంగతి ఒకటి చెప్పాలి. మీరే చేసి చూడండి. గొంతు లేకుండా గుసగుసగా "ఆ" అనండి, వెంటనే "ఊ" అనండి. గొంతు వాడకపోయినా "ఊ" దగ్గర గుసగుస శ్రుతి దిగిపోతుంది. ఏ అచ్చుకైనా గుర్తు ఇదే, చారల్లో ఏ చోట బలం ఉందన్నది. "అ" అంటే సుమారు 800 దగ్గర ఒకటి, 1200–1400 దగ్గర ఇంకొకటి బలమైన గుంపులు ఉంటాయి. "ఉ" అంటే రెండు గుంపులూ కిందికే ఉంటాయి, 1000 దాటి పెద్దగా ఏమీ ఉండదు. మనిషిని బట్టి ఈ లెక్క కొంత అటూ ఇటూ మారుతుంది.

ఇప్పుడు నా తప్పు మీకు తెలిసిపోయి ఉంటుంది. నేను 900 పైన ఉన్నదంతా కోసేశాను. అవ్వ "ల" అని ఉన్నా, దాని పై గుంపు పోయింది గనుక "ఉ" లాగానే వినపడుతుంది. బుచ్చవ్వ అన్నది అవ్వ కాదు, నా పెట్టె.

సన్నగా కోస్తే కనపడింది

మళ్లీ మొదటినుంచి చేశాను. బొమ్మను బాగా పెద్దది చేసుకున్నాను. Spectrogram సెట్టింగుల్లో Window Size 4096 పెట్టాను. ఈ అంకె పెద్దదైతే గీతలు సన్నగా స్పష్టంగా కనిపిస్తాయి, కానీ కాలం వైపు కొంచెం మసకబారుతుంది. తిన్నని గీతలు పట్టడానికి ఇది మంచిది. 1300 గీత చుట్టూ 1260 నుంచి 1340 వరకు ఒక పెట్టె గీశాను. ఈ ఎఫెక్టు పెట్టె నడిమధ్యనే ఎక్కువ కోస్తుంది. అందుకని గీత సరిగ్గా నడుమ ఉండేటట్టు చూసుకున్నాను. ఎఫెక్టు నడిపాను. గీత పలచబడింది గానీ పోలేదు. Ctrl+R నొక్కితే అదే ఎఫెక్టు మళ్లీ నడుస్తుంది. రెండోసారికి చుట్టుపక్కల రంగుతో కలిసిపోయింది. 2600 గీతకు కూడా అట్లాగే, వేరే సన్నని పెట్టె.

ఎప్పుడు ఆపాలో తెలియాలి. గీత ఉన్న చోట రంగు చుట్టుపక్కల రంగుకు సమానం కాగానే ఆపాలి. ఇంకా నడిపితే వెలుగు గీత పోయి నల్ల గీత పడుతుంది. నల్ల గీత పడిందంటే అవ్వ గొంతులోంచి కూడా కోస్తున్నామని అర్థం. Ctrl+Z నొక్కి ఒక మెట్టు వెనక్కి రావాలి.

గీతలు తగ్గాక బొమ్మలో ఉన్నది కనపడింది. గీత ఉన్న చోటికి పైన 1400 దగ్గర, కింద 1200 దగ్గర అవ్వ గొంతు చారలు వెలుగుతున్నాయి. వంకరగా ఉన్నాయి గనుక అవి టింగువి కావు. "ఉ" అయితే అక్కడ అంత వెలుగు ఉండకూడదు.

ఇంకో గుర్తు కూడా చూశాను. "బ" అనాలంటే పెదవులు మూయాలి. మూసిన ఆ క్షణం పై చారలన్నీ ఆరిపోతాయి, అడుగున మాత్రం కొంచెం మిగులుతుంది. "ల" అనడానికి పెదవులు మూయనక్కర లేదు, చారలు తెగకుండా నడుస్తాయి. అవ్వ "పేరు" అన్న మాట చివరినుంచి ఈ అక్షరంలోకి చారలు తెగకుండా వచ్చాయి. ఆ తర్వాత "చ్చ" దగ్గర మాత్రం తెగాయి, తెగాల్సిన చోటే. ఇది చూడటానికి టింగు గీతలు లేని 900 లోపు భాగమే చాలు. అంటే నేను కోసిన దానితో సంబంధం లేని గుర్తు ఇది.

వినిపించాను. మా మనవరాలు ఈసారి ఆలోచించకుండానే "లచ్చవ్వ" అంది. టింగు మొదలైన చోట చిన్న టిక్కు మాత్రం మిగిలింది. టింగు పుట్టే క్షణంలో చప్పుడు అన్ని శ్రుతుల్లోకీ ఒక్కసారి చిమ్ముతుంది. బొమ్మలో అది నిలువు గీతలాగా కనపడుతుంది. అది సన్నని పెట్టెకు దొరకదు. దాన్ని వదిలేశాను. అక్షరం ముఖ్యం గానీ టిక్కు లేకపోవడం కాదు.

ఇంకో దారి కూడా ఉందని కొందరు అంటారు. రికార్డులో ఇంకెక్కడైనా అవ్వ "ల" అన్న ముక్క తెచ్చి ఇక్కడ పెడితే శుభ్రంగా వస్తుంది కదా అని. వస్తుంది. భజనలో పల్లవి రెండోసారి పాడిన దాన్ని మొదటిసారి మీద నేనే ఎన్నోసార్లు అతికించాను. అక్కడ ఏ మాట పాడారో అందరికీ తెలుసు. ఇక్కడ ఏ అక్షరమో తెలియకనే కదా వెతుకుతున్నాం. "ల" తెచ్చి పెడితే లచ్చవ్వ అవుతుంది, "బు" తెచ్చి పెడితే బుచ్చవ్వ అవుతుంది. మనం పెట్టిందే మనకు వినపడుతుంది. సాక్ష్యం కావాల్సిన చోట అతుకు పనికిరాదు.

బతికున్న నోటి మాట

మర్నాడు పొద్దున్నే అవ్వ ఇంటికి పోయి నా తప్పు చెప్పాను. కోడలు మొదట నమ్మలేదు. "నిన్న నా చెవులతో విన్న గదన్నా" అంది. అసలుది, నా మొదటిది, రెండోది మూడూ పక్కపక్కన వినిపించాను. అసలులో టింగు ఉంది గనుక ఏ పేరో తేలదు. మొదటిదాంట్లో ఒక పేరు, రెండోదాంట్లో ఇంకో పేరు. ఆమె చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "ఇప్పుడు దేన్ని నమ్మాలె?" అని అడిగింది.

న్యాయమైన ప్రశ్న. నా కన్ను లచ్చవ్వ అంటోంది, దానికి రెండు గుర్తులున్నాయి. కానీ నిన్న తప్పు చేసినవాడి మాట ఇవాళ ఎట్లా నమ్మమంటాను? ఇంట్లో పాత పెళ్లి పత్రికలు వెతికాం. అవ్వ తమ్ముని బిడ్డ ఇంట్లో జరిగిన సిరిసిల్ల పెళ్లి పత్రిక దొరికింది, దాని మీద ఆమె కొడుకు ఫోను నంబరు ఉంది. ఫోను చేశాం. ఆమెకు డెబ్బై దాటింది. "మీ నాయన కన్నతల్లి పేరేంది అత్తమ్మా?" అని కోడలు అడిగిన మాటకు ఆమె అటునుంచి, "లచ్చవ్వ. నా పేరు గూడ ఆమెదే పెట్టిన్రు" అంది.

కోడలు కాగితం మీద బుచ్చవ్వ కొట్టేసి లచ్చవ్వ రాసింది. పెత్తరమాస నాడు ఆ పేరు చెప్పి బియ్యం ఇచ్చారు. రికార్డు వినకముందే ఆ ఫోను చేసి ఉంటే ఇంత పని లేదు కదా అని మీరు అనవచ్చు. నిజమే. కానీ అడగాల్సిన మనిషి ఉందన్న ఆలోచన రెండు పేర్లు వినపడ్డాకనే వచ్చింది. అంతకుముందు రికార్డు ఉంది కదా అనే ధీమా.

ఇప్పుడు ఆ ఇంట్లో రెండు ఫైళ్లు ఉన్నాయి. ఒకటి టింగులతో ఉన్న అసలుది, ఒకటి నేను బాగు చేసినది. బాగు చేసిన ఫైలు పేరులోనే ఎక్కడెక్కడ ముట్టుకున్నానో నిమిషాలతో సహా రాశాను. రేపు ఎవరైనా మనవడి మనవడు వింటే, ఏది అవ్వ గొంతో, ఎక్కడ నా చేయి పడ్డదో తెలియాలి.

మళ్లీ రికార్డు చేసేవాళ్లకు

మీ ఇంట్లో పెద్దవాళ్లను మాట్లాడించే ముందు ఫోనును ఫ్లైట్ మోడ్‌లో పెట్టండి. వైఫై విడిగా ఆన్ అయి ఉంటే దాన్ని కూడా ఆపండి, లేకపోతే మెసేజీలు దాని దారిలో వస్తాయి. ఫ్లైట్ మోడ్‌లో కూడా అలారం మోగుతుంది. మందుల అలారాలు పెట్టుకున్నవాళ్లు ఆ గంట పాటు వాటిని తీసేయాలి. గదిలో ఉన్న మిగతావాళ్ల ఫోన్లు పక్క గదిలో పెట్టించండి. ఫోనును ఉత్త బల్ల మీద కాకుండా మడిచిన చాదర్ మీద పెట్టండి.

అంతా చేశాక కూడా టింగుమంటే, అక్కడికక్కడే "అవ్వా, ఆ మాట మళ్లోసారి చెప్పు" అని అడగండి. అవ్వ మనవడికి ఆ రోజు టింగు వినపడింది, కానీ మాటకు అడ్డు తగలడం ఎందుకని ఊరుకున్నాడట.